25 కిలోల బస్తా మీద రెండుసార్లు పన్నా?

మారతహళ్ళి, కొత్తగా వచ్చినావిడ:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె. బెంగళూరొచ్చి మూడు నెలలైంది. ఇక్కడ బియ్యం కొట్టు పెడుతున్నాం, జీఎస్టీ నంబరు కూడా తీసుకున్నాం. మా ఊరి పక్క మిల్లులో 25 కిలోల బస్తా 1,200కి మాట్లాడుకున్నాం. బిల్లులో 5 శాతం పన్నని 60 రూపాయలు కలిపారు. నేను 1,400కి అమ్మితే మళ్ళీ 70 వేయాలట. ఒకే బియ్యానికి రెండు పన్నులా? రైతు పైసా కట్టలేదు కదా, మధ్యలో నా మీదెందుకు?

యశవంతపుర, మండీలో లెక్కలు రాసేవాణ్ణి:
అమ్మా, 70 వసూలు చేస్తావు గానీ 70 కట్టవు. మిల్లుకిచ్చిన 60 అందులోంచి మినహాయించుకుని 10 కడతావు. ఈ మినహాయింపునే క్రెడిట్ అంటారు. 1,200 సరుకుని 1,400 చేశావు. ఆ 200 మీద 5 శాతమే ఆ 10.

ఇప్పుడు మిల్లు వైపు చూడు. వడ్లకి పన్ను లేదు, కాబట్టి వడ్ల మీద మిల్లుకి క్రెడిట్ లేదు. ఖాళీ సంచి 20 రూపాయలనుకో, దాని మీద 18 శాతం, అంటే 3.60 కట్టి కొన్నారు. నీ దగ్గర తీసుకున్న 60లో అది తీసేసి 56.40 కడతారు. సంచి వాళ్ళ వైపు నుంచి 3.60, మిల్లు 56.40, నువ్వు 10. కూడితే 70. బస్తా ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఇచ్చిందీ అంతే.

రైతు కట్టలేదన్న మాట మాత్రం ఒప్పుకోను. యూరియా మీద 5 శాతం కట్టే కొన్నాడు. అమ్మేది పన్ను లేని వడ్లు కాబట్టి ఆ డబ్బు అతనికి తిరిగి రాదు. ధరలో రాబట్టుకోగలిగితే సరే, లేకపోతే అతని మీదే పడుతుంది. గొలుసు తెగేది అక్కడే, నాకది అన్యాయంగానే అనిపిస్తుంది.

జయనగర, ఒకప్పటి కిరాణా వ్యాపారి:
తొందరపడకమ్మా. ఆంధ్రాలో కట్టిన పన్నుని కర్ణాటకలో తగ్గించుకోనివ్వరు. నేను కొట్టు నడిపిన రోజుల్లో, పన్ను తగ్గడానికి సీ ఫారం అనే కాగితం ఇచ్చి పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన సరుకు మీద కూడా 2 శాతం పోయేది.

యశవంతపుర:
అన్నా, వ్యాట్ రోజుల్లో మీరన్నది నిజమే. కేంద్ర అమ్మకపు పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఉండేది కాదు. 2017 జూలై 1 నుంచి రాష్ట్రం దాటిన సరుకు మీద ఐజీఎస్టీ పడుతోంది, దాన్ని ఇక్కడ కేంద్రం వాటాకీ రాష్ట్రం వాటాకీ రెండింటికీ వాడుకోవచ్చు. అమ్మా, బిల్లులో ఐజీఎస్టీ అనే ఉందో లేదో చూసుకో. పొరపాటున ఆంధ్రా రాష్ట్రం వాటా, అంటే ఎస్జీఎస్టీ అని సగం రాస్తే అది నీకు పనికిరాదు, వెంటనే మార్పించు.

మారతహళ్ళి, పీజీ నడిపేవాణ్ణి:
మా పీజీకి నెలకి 40 బస్తాలు, అన్నీ 26 కిలోలవే. పన్నే లేదు. ఆవిడ్నీ అవే తెప్పించుకోమనండి. మరి వాటి మీద నాకు క్రెడిట్ ఎంతొస్తుంది?

యశవంతపుర:
కట్టని పన్నుకి క్రెడిట్ ఎక్కడిది బాబూ. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల వరకు బస్తాలకే 5 శాతం. అది దాటితే లేదు, విడి బియ్యానికీ లేదు. 26 కిలోల బస్తాలు అందుకే వచ్చాయి.

అమ్మా, నీకు చిక్కొచ్చేది ఇక్కడే. 25 కిలోల బస్తా విప్పి కిలోల్లెక్కన తూచి అమ్మితే పన్ను వేయక్కర్లేదు, కానీ ఆ బస్తా తాలూకు 60 క్రెడిట్ కూడా నీకు రాదు. 100 బస్తాలు తెచ్చి 30 విప్పావనుకో. మిగతా 70 మీద వసూలు 4,900, క్రెడిట్ 4,200, కట్టేది 700. విప్పిన వాటి 1,800 విడి బియ్యం ధరలోనే వేసుకోవాలి. ఏ రోజు ఎన్ని విప్పావో పుస్తకంలో రాసుకో.

ఇంకోటి, చేతిలో బిల్లు ఉంటే సరిపోదు. మిల్లు తన రిటర్నులో నీ నంబరుతో ఆ బిల్లు చూపించాలి. ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్లో GSTR-2B అని, నీకు అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా వస్తుంది. అందులో నీ బిల్లు లేకపోతే ఆ నెల 70 మొత్తం కట్టాల్సిందే. నేను లెక్కలు రాసే కొట్లో ఒకసారి రెండు నెలల బిల్లులు కనపడలేదు. ఆరా తీస్తే ఆ మిల్లు రిటర్ను మూడు నెలలకోసారి వేస్తుందట. అది తప్పు కాదు, కానీ అన్నాళ్ళూ మా డబ్బు ఇరుక్కుపోయింది. అలాంటి మిల్లులు కూడా బిల్లులు నెలనెలా ఎక్కించవచ్చు. బేరమప్పుడే ఆ మాట తీసుకో.

కొత్తగా వచ్చినావిడ:
ఫోన్ చేశాను. వాళ్ళదీ మూడు నెలలకోసారేనట, బిల్లులు ఎక్కించే సంగతి ఆడిటర్‌ని అడిగి చెప్తామన్నారు. మా ఆయనేమో 26 కిలోలవే తెద్దామంటున్నారు. మా వీధిలో అందరూ అడిగేది 10 కిలోలు. 26 కిలోల బస్తా తెచ్చి నేనే 10 కిలోల సంచుల్లో కట్టి లేబులేస్తే?

యశవంతపుర:
అప్పుడు పన్ను నీ దగ్గరే మొదలవుతుంది. 10 కిలోలు 600కి అమ్మితే 30 పన్ను. మినహాయించుకోవడానికి సంచి మీద కట్టిందే తప్ప ఏమీ ఉండదు. ముందుగా కట్టిపెట్టకుండా, కొనేవాళ్ళ ఎదుటే తూచి ఇస్తే ఆ 30 లేదు.

పీజీ నడిపేవాణ్ణి:
అమ్మా, 26 కిలోలవి తెస్తే నాకో 40 బస్తాలు చెప్పండి.