హెచ్‌ఆర్ లేని చిన్న కంపెనీలో ఫిర్యాదు మొదట ఓనరే వినాలా?

రోస్టర్‌పలక:
మాది 14 మంది ఉన్న కంపెనీ. ఇద్దరు పార్ట్‌నర్లు, ఒక ఆపరేషన్స్ మేనేజర్, ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్, అకౌంట్స్‌కి ఒకరు, మిగతా స్టాఫ్. హెచ్‌ఆర్ లేదు. "సూపర్‌వైజర్ వీకెండ్ షిఫ్టులన్నీ నాకే వేస్తున్నాడు" అని ఒకతను కాగితం మీద రాసిచ్చాడు. ఇలాంటి వాటికి ఒక పద్ధతి రాసే పని నామీద పడింది. పార్ట్‌నర్లలో ఒకరు "పద్ధతి ఎందుకు, నేనే పిలిచి మాట్లాడేస్తా" అంటున్నారు. అలా వదిలేయొచ్చా?

రెండోసంతకం:
వదిలేయొద్దండి. ఆయన మొదటే తీర్పు చెప్పేస్తే, అది నచ్చని మనిషి ఇంకెవరి దగ్గరికి వెళ్తాడు? 14 మందిలో మీకున్న పై మెట్లు మూడు: మేనేజర్, ఒక పార్ట్‌నర్, ఇంకో పార్ట్‌నర్. మొదటి విచారణ మేనేజర్‌కి ఇవ్వండి, అప్పీలు ఒక పార్ట్‌నర్‌కి. ఆ పార్ట్‌నర్ అప్పటిదాకా ఈ సంగతి మీద ఎవరితోనూ, టీ తాగుతూ కూడా, మాట్లాడకూడదు. ఫలానా ఫిర్యాదు వచ్చిందని తెలిస్తే చాలు.

గడువులు చిన్నవి పెట్టండి. ఫిర్యాదు అందిందని 2 పనిదినాల్లో మెయిల్. 5 పనిదినాల్లోపు కూర్చుని వినడం. ఫిర్యాదు అందిన రోజు నుంచి 10 పనిదినాల్లో రాతపూర్వక నిర్ణయం. అప్పీలు చేసుకోడానికి ఇంకో 5. గడువు తప్పేట్టుంటే, తప్పకముందే కారణం, కొత్త తేదీ రాసి పంపాలి. చిన్న కంపెనీల్లో ఈ పద్ధతులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎవరూ కాదనరు, కానీ ఆర్డర్ల హడావిడిలో మూడు వారాలు గడిచిపోతాయి. ఈలోపు ఫిర్యాదు ఇచ్చినవాడు దాన్ని తొక్కేశారనే అనుకుంటాడు.

సూటిగా_చెప్తా:
ఇంత తతంగం 14 మందికి ఎందుకండి? షిఫ్టులు మార్చే అధికారం చివరికి ఓనర్‌దే. ఆయన పిలిస్తే అరగంటలో తేలేదాన్ని పది రోజులు నానబెడతారా? పైగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన 130వ సిఫార్సు కూడా ముందు నేరుగా పైనున్న సూపర్‌వైజర్‌తోనే తేల్చుకోమంటుంది. మరీ భయపడేవాళ్ల కోసం పేరు రాయకుండా వేసే పెట్టె ఒకటి గోడకి తగిలించండి, సరిపోతుంది.

టికెట్‌నంబర్:
ఫిర్యాదులకి మేము స్ప్రెడ్‌షీట్ వాడతాం. ప్రతిదానికీ నంబర్, ఆర్డర్ వివరాలు, కస్టమర్‌కి రీఫండ్ ఇచ్చామా లేదా అనే కాలమ్. ఫార్మాట్ కావాలంటే ఇస్తా.

రెండోసంతకం:
@టికెట్‌నంబర్ అది కస్టమర్ ఫిర్యాదులకండి, ఇక్కడ అడిగేది స్టాఫ్ సంగతి. నంబర్ మాత్రం పనికొస్తుంది. రీఫండ్ బదులు "ఎవరు విన్నారు, అప్పీలు ఎవరికి" అనే రెండు కాలమ్‌లు పెట్టుకుంటే చాలు. ఆ ఫైలు మాత్రం అందరూ తెరిచే ఫోల్డర్‌లో ఉండకూడదు.

@సూటిగా_చెప్తా మీరు సగం కరెక్ట్. ముందు మాటలతో తేల్చుకునే అవకాశం ఉండాలి. కానీ అదే సిఫార్సు, నేరుగా మాట్లాడటం కుదరని రకం గొడవైతే పై మెట్టుకి తీసుకెళ్లే హక్కు ఉండాలని కూడా చెప్తుంది. ఇక్కడ ఫిర్యాదే సూపర్‌వైజర్ మీద, అదీ రాసిచ్చేశాడు. ఇప్పుడు వెనక్కి పంపి "వెళ్లి ఆయనతోనే మాట్లాడు" అంటే ఇంకెవరూ రాసివ్వరు. ఇక వేధింపులు, కొట్టడం, ప్రాణానికి ముప్పు లాంటివైతే ఈ మాట్లాడుకునే మెట్టే ఉండకూడదు. వాటికి మీ చట్టం ఏం చెప్తుందో అదే దారి.

పెట్టె సంగతి: 14 మందిలో "వీకెండ్ షిఫ్టులు ఒకరికే" అని చీటీ పడితే రాసిందెవరో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. పేరు లేదు కాబట్టి తిరిగి అడగడానికి మాత్రం కుదరదు. అటు రహస్యమూ దక్కదు, ఇటు విచారణా జరగదు.

రోస్టర్‌పలక:
సరే, మేనేజరే వింటారనుకుందాం. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇద్దరూ అరుచుకుంటారు. అసలు ఏం చూడాలి?

షిఫ్ట్‌చార్ట్:
ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, విడివిడిగా వినండి. కావాలంటే పక్కన ఒక సహోద్యోగిని తెచ్చుకోవచ్చని ముందే చెప్పండి. నోట్స్ రాసేది వినేవాళ్లు కాకుండా ఇంకొకరైతే మంచిది. చివర్లో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి.

అసలు సాక్ష్యం మాత్రం రోస్టరే. ఉదాహరణకి 12 వారాలు తీయండి. టీమ్‌లో ఆరుగురు, వీకెండ్‌కి ముగ్గురు కావాలనుకుందాం. మొత్తం 36 డ్యూటీలు, సమానంగా పంచితే మనిషికి 6. ఫిర్యాదు ఇచ్చినతను 9 చేశాడు, మిగతా ఐదుగురు 7, 6, 6, 5, 3. ఇక్కడే ఆగితే అతని మాట నిజమని రాసేస్తారు. కానీ ఆ 3 ఉన్న మనిషికి తక్కువ డ్యూటీలకి ముందే రాతపూర్వక ఒప్పందం ఉందనుకోండి, మిగిలిన 33 డ్యూటీలు ఐదుగురికి పడతాయి, అంటే మనిషికి దాదాపు 6.6. ఇంకా తవ్వితే, అతను చేసిన 9లో రెండు 5 ఉన్న మనిషి దగ్గర మాటసాయంగా తీసుకున్నవని తేలిందనుకుందాం. అప్పుడు సూపర్‌వైజర్ వేసింది అతనికి 7, ఆ ఇంకొకరికీ 7. పక్షపాతం కనబడదు. కానీ ఆ రెండు డ్యూటీలు అతనికి తిరిగి రాలేదు, ఎక్కడా రాసీ లేదు. కడుపుమంట అక్కడిది.

అందుకే నిర్ణయం "అవును, కాదు" అని రాకూడదు. "సూపర్‌వైజర్ పక్షపాతం రుజువు కాలేదు, మార్చుకున్న డ్యూటీలు లెక్కలోకి రావడంలేదన్న భాగం నిజం" అని రెండు ముక్కలుగా రాయాలి. దాని కింద ఏం మారుతుంది, ఎవరు చేస్తారు, ఏ తేదీలోపు అన్నవి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో అన్నదీ అదే కాగితంలో ఉండాలి.

సూటిగా_చెప్తా:
ఈ లెక్క ఓనర్ వేసినా ఇదే వస్తుంది కదా!

షిఫ్ట్‌చార్ట్:
లెక్క ఇదే వస్తుంది. కానీ ఆ డ్యూటీ ఒప్పందం ఎవరు ఇచ్చారు? చాలాసార్లు ఓనరే. తను ఇచ్చిన మినహాయింపు న్యాయమా కాదా అని తనే తేలిస్తే వినేవాడికి నమ్మకం కుదరదు.

రెండోసంతకం:
ఇంకొకటి. నిర్ణయం ఇచ్చాక 30 రోజులకి, 90 రోజులకి మేనేజర్ మళ్లీ రోస్టర్, సెలవు మంజూర్లు చూడాలి. కక్ష సాధింపు తిట్ల రూపంలో రాదు. అడిగిన సెలవు దొరకదు, ఓవర్‌టైమ్ హఠాత్తుగా ఆగిపోతుంది. ముందు, తర్వాత పక్కపక్కన పెడితే కనబడుతుంది. "పూర్తి రహస్యంగా ఉంచుతాం" అని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. ఆరోపణ ఏమిటో సూపర్‌వైజర్‌కి చెప్పకుండా అతని జవాబు ఎలా తీసుకుంటారు? "తెలియాల్సిన వాళ్లకే తెలుస్తుంది, వాళ్లు వీళ్లు" అని పేర్లతో చెప్పడం నిజాయితీ.

రోస్టర్‌పలక:
ఇది బాగుంది. మరి ఫిర్యాదు పార్ట్‌నర్ మీదే అయితే? మా పార్ట్‌నర్లిద్దరూ అన్నదమ్ములు.

రెండోసంతకం:
అప్పుడు ఇంకో పార్ట్‌నర్ వింటే విచారణ అనిపించుకోదు. మేనేజర్ వినలేడు, అతని జీతం వాళ్ల చేతిలోనే ఉంది. బయటి మనిషి కావాలి, ఆ పేరు ఇప్పుడే, గొడవ లేనప్పుడే పద్ధతిలో రాసి పెట్టుకోవాలి. కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్ పనికిరాడు, ఆయనా వాళ్ల దగ్గర ఫీజు తీసుకునేవాడే.

సూటిగా_చెప్తా:
బయటివాడికీ డబ్బిచ్చేది ఆ అన్నదమ్ములే కదా. తేడా ఏముంది?

షిఫ్ట్‌చార్ట్:
ఫీజు ముందే, ఫలితంతో సంబంధం లేకుండా ఇస్తే కొంత తేడా ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, బయటివాడు ఇచ్చేది నిర్ణయమా, సలహానా అన్నది. సలహాయే అంటే పార్ట్‌నర్లు పక్కన పడేయొచ్చు. నిర్ణయం అంటే అన్నదమ్ములు సంతకం పెట్టరేమో. "పాటించకపోతే కారణం రాసి ఫిర్యాదుదారుకి ఇవ్వాలి" అన్న క్లాజ్ మధ్యేమార్గం.

రెండోసంతకం:
ఆ క్లాజ్‌తో నాకు పూర్తిగా కుదరదు. కారణం రాయడం ఎవరికైనా తేలికే. కనీసం జీతం, పని గంటల విషయాల్లోనైనా బయటివాడి మాటే చివరిది కావాలి.