తర్వాత చాలా పని ఇస్తామంటూ సగం ధర అడుగుతున్నారు, ఏమని జవాబు రాయాలి?

నేను చీరల దుకాణాలకు ఆన్‌లైన్ అమ్మకాల కోసం ఫోటోలు తీస్తాను. చీరకు 350 రూపాయలు. కుచ్చిళ్లు, పల్లు, అంచు, జాకెట్టు ముక్క అని నాలుగు ఫోటోలు ఇస్తాను. మొన్న ఒక కొత్త దుకాణం వారు 40 చీరలకు ధర అడిగితే 14,000 అని చెప్పాను. "ఈసారికి 7,000కి చేయండి, దసరా నుంచి నెలకు 200 చీరలు మీకే ఇస్తాం" అన్నారు. కాగితం మీద మాత్రం ఏమీ రాయరట!

సహాయకుడి కూలి, లైట్ల అద్దె, ఇస్త్రీ కలిపి నాకు 4,500 ఖర్చవుతుంది. రెండు రోజులు ఫోటోలకు, రెండు రోజులు రంగులు సరిదిద్దడానికి. అంటే నాలుగు రోజులకు మిగిలేది 2,500. పైగా ఒకసారి 175కి చేస్తే, దసరాకూ అదే నా ధర అయిపోతుందని భయం.

ఇలా రాద్దామనుకుంటున్నాను: "ఈ 40 చీరలకు పూర్తి ధర, సగం ముందుగా. మొత్తం 200 చీరలు దాటాక చీరకు 280. అప్పుడు ఈ మొదటి 40కి కూడా చీరకు 70 చొప్పున 2,800 తర్వాతి బిల్లులో తగ్గిస్తాను. ఇప్పుడే తగ్గాలంటే చీరకు రెండు ఫోటోలే, 220 రూపాయలు."

రెండు దారులూ ఒకే ఉత్తరంలో పెట్టవచ్చా? లేక రెండోది చూపిస్తే, ఆ 220కే నాలుగు ఫోటోలు అడుగుతారా? ఇలాంటి బేరం తేల్చినవారు చెప్పగలరు.