ఆరు మూలల చెలక: షూలేస్ ఫార్ములాతో లెక్క కుదరడం లేదు

చెలకగట్టు
హన్మకొండ దగ్గర మాకు ఆరు మూలల చెలక ఉంది. పాసు పుస్తకంలో 1 ఎకరం 20 గుంటలు. ఉత్తరం వైపు పాత బావి ఉన్నచోట గట్టు లోపలికి వంగింది. అమ్ముదామనుకుంటే కొనేవాళ్లు అసలు ఎంతుందో కొలిచి చెప్పమన్నారు. ఒక్కో మూల దగ్గర నిలబడి ఫోన్‌లో లాటిట్యూడ్, లాంగిట్యూడ్ రాసుకున్నాను. మూలల కోఆర్డినేట్ల నుంచి విస్తీర్ణం లెక్కగట్టే షూలేస్ ఫార్ములా ఎక్సెల్‌లో పెడితే 0.00000049 అని వస్తోంది. దీన్ని గుంటల్లోకి ఎట్లా మార్చాలి?

ఎక్సెల్‌బాబు
సింపుల్ బ్రో. నీకు వచ్చింది చదరపు డిగ్రీల్లో. ఒక డిగ్రీ అంటే 111.32 కిలోమీటర్లు. దాన్ని దానితోనే గుణించి, నీ అంకెతో మళ్లీ గుణించు. 6,070 చదరపు మీటర్ల దగ్గర వస్తుంది. గుంట 101.17 చ.మీ. కాబట్టి 60 గుంటలు. సరిగ్గా 1-20! పాసు పుస్తకం కరెక్టే, టెన్షన్ పడకు.

చెలకగట్టు
అబ్బ, థ్యాంక్స్ అన్నా. మా నాన్న ఇప్పుడు ప్రశాంతంగా పడుకుంటాడు.

గొలుసుసర్వే
తమ్ముడూ, అప్పుడే నాన్నకి చెప్పకు. 111.32 భూమధ్యరేఖ దగ్గర లాంగిట్యూడ్ డిగ్రీ పొడవు. ఉత్తరానికి పోయేకొద్దీ లాంగిట్యూడ్ గీతలు దగ్గరవుతాయి. మీ ఊరు 18 డిగ్రీల మీద ఉంది. అక్కడ తూర్పు-పడమర డిగ్రీ 105.9 కి.మీ., ఉత్తర-దక్షిణ డిగ్రీ 110.7 కి.మీ. రెండింటికీ 111.32 వేస్తే పొలం దాదాపు ఐదు ముప్పావు శాతం ఉబ్బుతుంది. 1-20 రావడం కాకతాళీయం.

చేయాల్సింది ఇది: ముందు ఒక పాయింటును మూలబిందువు అనుకుని మిగతావాటిలోంచి తీసెయ్యి. లాంగిట్యూడ్ తేడాని 105905తో, లాటిట్యూడ్ తేడాని 110680తో గుణిస్తే మీటర్లు వస్తాయి. ఆ తర్వాతే షూలేస్. నీ రీడింగులు ఇక్కడ పెట్టు.

చెలకగట్టు
మీరు చెప్పినట్టే మార్చాను సార్. నైరుతి మూలకి కొంచెం అవతల సున్నా పెట్టుకుని మీటర్లకి రౌండ్ చేశాను. నైరుతి నుంచి మొదలుపెట్టి గట్టు వెంబడి గడియారానికి ఎదురు దిశలో నడిచిన వరస ఇది: మూల నంబరు, తర్వాత తూర్పుకి ఎన్ని మీటర్లో, ఉత్తరానికి ఎన్ని మీటర్లో. 4 బావి దగ్గరి వంపు.

```
1   12   8
2   94   0
3  108  61
4   66  48
5   50  77
6    0  70
```

గొలుసుసర్వే
ఇప్పుడు సరే. ప్రతి గట్టుకీ ఈ మూల తూర్పును తర్వాతి మూల ఉత్తరంతో గుణించు, అందులోంచి తర్వాతి మూల తూర్పు, ఈ మూల ఉత్తరాల గుణకారం తీసెయ్యి. 1 నుంచి 2కి: 12×0 − 94×8 = −752. 2 నుంచి 3కి 5734. తర్వాత 1158, 2682, 3500. చివరిది మర్చిపోకు, 6 నుంచి మళ్లీ 1కి: −840. మొత్తం 11482. సగం చేస్తే 5741 చ.మీ. అంటే 56.75 గుంటలు, 1 ఎకరం 16 గుంటల ముప్పావు.

ఎక్సెల్‌లో అయితే మూల నంబర్లు వదిలేసి రెండో వరస నుంచి A లో తూర్పు, B లో ఉత్తరం పెట్టు, 1వ మూలని ఎనిమిదో వరసలో మళ్లీ రాసి:

```
=ABS(SUMPRODUCT(A2:A7,B3:B8)-SUMPRODUCT(A3:A8,B2:B7))/2
```

ఎనిమిదో వరస ఖాళీగా వదిలితే ఆ −840 లెక్కలోకి రాదు, 6161 చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ ఇవ్వదు.

మ్యాపుపిచ్చి
వరస గురించి ఒక మాట. 4, 5 మూలల్ని తారుమారు చేసి చూశాను. 5673 వచ్చింది, 68 చ.మీ. మాత్రమే తేడా. అంత చిన్న తేడా చూసి ఎవరికీ అనుమానం రాదు. గీసి చూస్తేనే ఆకారం వేరని తెలిసింది. ఎప్పుడూ ఆ పాయింట్లని స్కాటర్ చార్టులో గీతలతో కలిపి పొలం ఆకారం వచ్చిందో లేదో చూడండి.

డల్లాస్‌సుబ్బు
నాది కూడా ఇదే సమస్య. విజయవాడలో ఇంటి స్థలం, నాలుగు వైపులూ వరసగా 36, 51, 60, 45 అడుగులు. మధ్యవర్తి ఎదురెదురు భుజాల సగటు తీసి 48×48 అన్నాడు, 256 గజాలు. దీనికి షూలేస్ ఎట్లా వాడాలి? మా వాళ్లు టేపుతో కొలిచి పంపారు, కోఆర్డినేట్లు లేవు.

గొలుసుసర్వే
సుబ్బుగారూ, మీది వేరే ప్రశ్న. నాలుగు భుజాల పొడవులు మాత్రమే ఉంటే స్థలం ఎంతో చెప్పలేం. అవే పొడవులతో దాన్ని ఎటైనా వంచవచ్చు. ఒక కర్ణం కూడా కొలిపించండి. సగటు పద్ధతి ఊళ్లలో పాతకాలం నుంచి ఉన్నదే, కానీ అది దీర్ఘచతురస్రానికే సరిపోతుంది. మిగతా వాటికి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, అమ్మేవాడికి లాభం. ఉదాహరణకి 36 అడుగుల వైపు, 60 అడుగుల వైపు సమాంతరంగా ఉండి, 45 అడుగుల వైపు వాటికి లంబంగా ఉందనుకోండి. మూలలు (0,0), (36,0), (60,45), (0,45) అవుతాయి. షూలేస్‌తో 2160 చదరపు అడుగులు, అంటే 240 గజాలు. 16 గజాలకి ఊరికే డబ్బు కడతారు.

డల్లాస్‌సుబ్బు
అమ్మో. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, కర్ణం కొలవమని.

చెలకగట్టు
సార్, అంటే మా చెలక మూడుంపావు గుంటలు తక్కువ ఉన్నట్టేనా? పక్కనాయన గట్టు జరిపాడా?

గొలుసుసర్వే
అంత మాట అనకు, గొడవలు అక్కడే మొదలవుతాయి. ఫార్ములాలో తప్పు లేదు, నీ మూలల్లో ఉండొచ్చు. ఒక మూల జరిగితే విస్తీర్ణం ఎంత మారుతుందనేది దాని అటుఇటు మూలల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. నీ 1వ మూలకి పక్కవి 6, 2. వాటి మధ్య 117 మీటర్లు. ఆ ఒక్క మూల 3 మీటర్లు లోపలికి పడితే 117×3÷2, దగ్గర దగ్గర 176 చ.మీ. పోతుంది. అంటే గుంట ముప్పావు. ప్రతి మూలా తూర్పు-పడమరకీ, ఉత్తర-దక్షిణానికీ సుమారు 3 మీటర్లు అటూఇటూ అయ్యే ఫోన్‌తో మొత్తం మీద మూడు గుంటల వరకు తేడా మామూలే. నీకు వచ్చిన తేడా కూడా అంతే.

మ్యాపుపిచ్చి
ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోను. అన్ని మూలలూ ఒకే నడకలో పది నిమిషాల్లో తీసుకుంటే తప్పు చాలావరకు ఒకే దిక్కులో పడుతుంది. పొలం మొత్తం పక్కకి జరిగినట్టే, విస్తీర్ణం మారదు. అప్పుడు మూడు గుంటల తేడా ఉండకూడదు.

గొలుసుసర్వే
ఆరుబయట అయితే నిజమే. చెట్టు కిందో గోడ పక్కనో ఒక్క మూల చాలు, ఆ లెక్క పోతుంది.

చెలకగట్టు
నైరుతి మూలలో పెద్ద చింతచెట్టు ఉంది. అదే 1వ మూల.

గొలుసుసర్వే
మరి అదే. నీకు ఎక్కువ తేడా తెచ్చే మూల, చెట్టు కిందే ఉంది. రోవర్ అనే సర్వే జీపీఎస్ యంత్రం పెట్టించు, అది సెంటీమీటర్లలో చూపిస్తుంది. చెట్టు కింద దానికీ కష్టమే. అక్కడ బయట రెండు పాయింట్లు పెట్టి టేపుతో మూలకి కొలుస్తారు. అధికారికంగా కావాలంటే మీసేవలో సర్వేకి దరఖాస్తు పెట్టు. వాళ్లు పొలం పాత కొలతల పటం టిప్పన్, హద్దు రాళ్లు చూస్తారు గానీ నీ ఎక్సెల్ చూడరు.

మ్యాపుపిచ్చి
టిప్పన్ అంటే గుర్తొచ్చింది. బావి వంపు అందులో ఉందా? 4వ మూల తీసేసి 3 నుంచి 5కి నేరుగా గీస్తే 6454 చ.మీ. వస్తోంది, దాదాపు 64 గుంటలు. వంపు ఉంటే 57, లేకపోతే 64. పాసు పుస్తకంలోని 60 ఈ రెండింటిలో దేనికీ సరిపోవడం లేదు.

చెలకగట్టు
బావిలో మాకూ పెదనాయన వాళ్లకూ చెరి సగం అని నాన్న అంటాడు. కాగితం మీద ఎట్లా ఉందో తెలియదు. టిప్పన్ నకలు తీసుకొచ్చాక ఫొటో పెడతాను.