పరీక్ష తేదీ మారిందని మెయిల్ పెడితే, మారనివి కూడా రాయాలా?

కర్నూలు స్టాటిస్టిక్స్ సార్

కర్నూల్లో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. రెండో సంవత్సరం పిల్లలకు రెండో మిడ్ ఫిబ్రవరి 10 మంగళవారం అని మొన్న సోమవారం, అంటే 2న, మెయిల్ పెట్టాను. ఆ రోజు హాలు దొరకదని ఇప్పుడు తెలిసింది. పరీక్షను 13 శుక్రవారానికి జరపాలి. ఈ రోజు గురువారం, సాయంత్రంలోగా మెయిల్ పోవాలి. మారింది తేదీ ఒక్కటే. స్టాఫ్ రూములో ఒకరు మారిందొక్కటే రాయమంటారు, ఇంకొకరు మారనివి కూడా రాయమంటారు. మీరైతే ఏం చేస్తారు? నేను రాసుకున్నది ఇది:

> డియర్ స్టూడెంట్స్, అనివార్య కారణాల వల్ల రెండో మిడ్ పరీక్ష మూడు రోజులు వాయిదా పడింది. వచ్చే శుక్రవారం జరుగుతుంది. మిగతావన్నీ యథాతథం. గమనించగలరు.

చెక్‌పోస్ట్ దగ్గర

మారిందొక్కటే రాయండి సార్. నేను ఆఫీసులో రోజూ సర్క్యులర్లు పంపేవాణ్ని. మెయిల్ పొడుగైతే ఎవరూ చదవరు. పిల్లలు ఫోన్‌లో చూస్తారు, అందులో పైన కనబడేది సబ్జెక్ట్‌లో నాలుగైదు మాటలు, కింద ఒక ముక్క. తేదీ అక్కడే కనబడాలి. మీరు డియర్ స్టూడెంట్స్, అనివార్య కారణాలు అని మొదలుపెడితే తేదీ కనబడే చోటు అక్కడికే అయిపోయింది. సమయం, గది మారలేదంటే వాటి గురించి రాయడం ఎందుకు? రాయలేదంటే మారలేదనే కదా అర్థం.

అనంతపురం అమ్మ

అసలు ఇలా తేదీలు మార్చడమే తప్పు కాదా సార్? మా వాడికి పోయిన సంవత్సరం ఒక పరీక్ష రెండుసార్లు వాయిదా వేశారు. మేం పెళ్లికి టికెట్లు తీసుకుని రద్దు చేసుకున్నాం. మెయిల్ ఎంత బాగా రాస్తే మాత్రం పిల్లల టెన్షన్ తగ్గుతుందా?

కడప లెక్కల మేడమ్

అమ్మా, మీ బాధ అర్థమైంది. సార్ చేతిలో లేని హాలు గురించి ఆయన ఏమీ చేయలేరు, ఈ సాయంత్రం పంపే మెయిల్ మాత్రం ఆయన చేతిలో ఉంది. టికెట్లు తీసుకున్నవాళ్లు ఎవరికి చెప్పుకోవాలో ఆ మెయిల్‌లో ఒక లైను ఉండాలి. మీరు చెప్పాకే నాకు అది తట్టింది.

ఇక అసలు ప్రశ్న. చెక్‌పోస్ట్ గారు సబ్జెక్ట్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రాయలేదంటే మారలేదనే అర్థం అన్నది మాత్రం పరీక్షల విషయంలో పనిచేయదు. పరీక్ష తేదీకి ముడిపడిన పనులు కొన్ని ఉంటాయి. తేదీ కదిలితే అవీ కదిలాయా లేదా అన్నది చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సార్, 2న పంపిన మెయిల్‌లో పరీక్షతో పాటు ఇంకేమేం రాశారో చెప్పండి. ఆ మెయిల్ చూడకుండా ఈ మెయిల్ రాయలేం.

ఆదోని బస్సు

సార్, నేను మీ స్టూడెంట్‌ని కాదు, వేరే కాలేజీ. రోజూ ఆదోని నుంచి కర్నూలుకు వచ్చి చదువుతున్నా. ఇలాంటి మెయిల్ వస్తే మా గ్రూపులో మొదట వచ్చే ప్రశ్నలు రెండే. మూడు రోజులు ఎక్కువ దొరికాయి కదా, సిలబస్ పెంచారా? టైము అదేనా, మధ్యాహ్నానికి మార్చారా? మధ్యాహ్నమైతే నాకు సాయంత్రం బస్సు ఇబ్బంది. యథాతథం అన్న మాట చూసి ఎవరూ ఊరుకోరు, ఎవరో ఒకరు సార్‌కి ఫోన్ చేసేదాకా గోలగోలగా ఉంటుంది.

కర్నూలు స్టాటిస్టిక్స్ సార్

పాత మెయిల్ తీసి చూశాను. సమయం ఉదయం 10 నుంచి 11:30. గది 14. సిలబస్ మూడో యూనిట్ మొత్తం, నాలుగో యూనిట్‌లో టీ-టెస్ట్ వరకు. ప్రాక్టికల్ రికార్డు పరీక్షకు ముందు రోజు ఇవ్వాలని రాశాను. కాలిక్యులేటర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

మేడమ్, మీరు అడిగాక రికార్డు దగ్గర ఆగిపోయాను. నా మనసులో ఉన్నది 9 సోమవారం. రికార్డు మార్కులు 11లోగా నేను అప్పజెప్పాలి, అది మారదు. పిల్లలు మాత్రం ముందు రోజు అంటే ఇప్పుడు 12 అనుకుంటారు. యథాతథం అని నేను రాస్తే వాళ్లకూ అది నిజమే, నాకూ నిజమే. తేదీలు మాత్రం రెండు.

కడప లెక్కల మేడమ్

ఇదే నేను వెతికింది. ముందు రోజు, తర్వాత వారం, పరీక్ష అయ్యాక అని రాసినవన్నీ పరీక్షతో పాటు కదిలిపోతాయి. 9 సోమవారం అని రాసి ఉంటే కదిలేది కాదు. కాబట్టి రికార్డుకు మారలేదన్న మాట ఒక్కటే చాలదు, 9 సోమవారం అని తేదీ వేసి చెప్పాలి.

సిలబస్‌దీ అదే కథ. 9 నుంచి 12 వరకు మీకు క్లాసులున్నాయి కదా, టీ-టెస్ట్ తర్వాత కై-స్క్వేర్ మొదలుపెడతారు. పరీక్షకు ముందే చెప్పిన పాఠం కాబట్టి పరీక్షలో వస్తుందేమోనని పిల్లలు అనుకోవడంలో తప్పేమీ లేదు. అందుకని టీ-టెస్ట్ వరకే, కై-స్క్వేర్ లేదు అని పేరు పెట్టి రాయండి.

అన్నీ ఏకరువు పెట్టమని మాత్రం చెప్పను. కాలిక్యులేటర్ సంగతి తేదీకి ముడిపడింది కాదు, వదిలేయండి. మారిందేమోనని తెలివైన పిల్లవాడికి కూడా అనుమానం వచ్చే వాటిని మాత్రమే రాయాలి. మీ మెయిల్‌లో అవి నాలుగు: సమయం, గది, సిలబస్, రికార్డు. హాలు వల్లే తేదీ మారింది కాబట్టి గది అదేనా అన్న అనుమానం తప్పకుండా వస్తుంది.

ఇంకొకటి. పాత మెయిల్‌కే రిప్లై కొట్టి పంపకండి. జీమెయిల్‌లో అది పాత సబ్జెక్ట్ కిందే చేరుతుంది, ఇన్‌బాక్స్‌లో ఫిబ్రవరి 10 అనే పెద్దగా కనబడుతుంది. కొత్త సబ్జెక్ట్‌తో కొత్త మెయిల్ పంపండి.

అనంత ఫిజిక్స్ టీచర్

వచ్చే శుక్రవారం అన్న మాట తీసేయండి సార్. ఈ రోజు గురువారం. రేపటి శుక్రవారం 6న, ఆ తర్వాతది 13న. రెండూ వచ్చేవే.

నేను దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. ఒకసారి స్లిప్ టెస్ట్ మార్చి, రేపు సోమవారం పెడతాను అని శుక్రవారం మెసేజ్ పెట్టాను. మన వైపు రాబోయే సోమవారాన్ని రేపు సోమవారం అంటాం కదా. కొందరు పిల్లలు దాన్ని ఆదివారం రాత్రి తెరిచి, సరిగ్గా అర్థం చేసుకున్నారు. ఒక అమ్మాయి సోమవారం పొద్దున తెరిచి, రేపు అంటే మంగళవారమని, సోమవారమని పొరపాటున రాశానని అనుకుంది. పరీక్షకు రాలేదు. తప్పు నాదేనని మళ్లీ పెట్టాను. మెయిల్‌ను ఏ రోజు తెరుస్తారో మనకు తెలియదు. అందుకే తేదీ, వారం రెండూ రాయాలి, క్యాలెండర్ పక్కన పెట్టుకుని రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి.

ముందుకు జరిపాం అని కూడా రాయకండి. కొందరికి అది 10 కంటే ముందు, కొందరికి 10 తర్వాత.

చెక్‌పోస్ట్ దగ్గర

రికార్డు విషయంలో నేను అన్నది తప్పే, ఒప్పుకుంటున్నా. అయితే పాత తేదీ మళ్లీ రాయొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మెయిల్‌లో 10 అన్న అంకె ఉంటే, గబగబా చూసేవాడు దాన్నే పట్టుకుంటాడు. ఒకే తేదీ ఉండాలి.

కడప లెక్కల మేడమ్

దీనికి నేను ఒప్పుకోలేను. 2న పంపిన మెయిల్ పిల్లల ఫోన్లలో ఇంకా ఉంది. సోమవారం రాత్రి మిడ్ అని వెతికితే రెండు మెయిళ్లు వస్తాయి. ఏది నమ్మాలో కొత్త మెయిల్ చెప్పాలి, పాత తేదీ పేరెత్తకుండా అది ఎలా చెబుతాం? సబ్జెక్ట్‌లో మాత్రం వద్దు, అక్కడ కొత్త తేదీ ఒక్కటే. లోపల ఒక్కసారి, చెల్లదు అన్న మాటతో కలిపి.

ఆదోని బస్సు

మా గ్రూపులో మెయిల్ ఎవరూ పంపుకోరు మేడమ్, స్క్రీన్‌షాట్ పంపుకుంటారు. సగం కోసేసి పంపుతారు. పాత తేదీ ఒక లైనులో, కొత్త తేదీ ఇంకో లైనులో ఉంటే పాతది మాత్రమే కోతలో మిగలొచ్చు. రెండూ ఒకే లైనులో ఉంటే నాకు అభ్యంతరం లేదు.

కర్నూలు స్టాటిస్టిక్స్ సార్

అందరి మాటా పెట్టుకుని మళ్లీ రాశాను. సబ్జెక్ట్: ఫిబ్రవరి 13 శుక్రవారం, స్టాటిస్టిక్స్ రెండో మిడ్ కొత్త తేదీ.

> స్టాటిస్టిక్స్ రెండో మిడ్ ఫిబ్రవరి 13 శుక్రవారం జరుగుతుంది, ఫిబ్రవరి 10 మంగళవారం అన్న పాత తేదీ చెల్లదు.
>
> 10న హాలు ఖాళీ లేనందువల్ల తేదీ మార్చాం. మారింది ఈ తేదీ ఒక్కటే.
>
> సమయం మారలేదు: ఉదయం 10 నుంచి 11:30 వరకు.
> గది మారలేదు: గది 14.
> సిలబస్ మారలేదు: మూడో యూనిట్ మొత్తం, నాలుగో యూనిట్‌లో టీ-టెస్ట్ వరకు. వచ్చే క్లాసుల్లో చెప్పే కై-స్క్వేర్ ఈ పరీక్షలో రాదు.
> రికార్డు ఇవ్వాల్సిన రోజు మారలేదు: ఫిబ్రవరి 9 సోమవారం, సాయంత్రం 4 లోగా. పరీక్షతో పాటు ఇది జరగదు.
>
> 13న రాలేనివాళ్లు కారణం రాసి ఫిబ్రవరి 9 సోమవారం లోగా ఈ మెయిల్‌కు జవాబు పంపండి.

అనివార్య కారణాలు తీసేసి అసలు కారణం రాశాను. దాని వల్ల ఇది మళ్లీ మారుతుందా అన్న అనుమానం తగ్గుతుందని నా నమ్మకం.

అనంత ఫిజిక్స్ టీచర్

బాగుంది. ఒక్క మాట సవరించండి సార్. రికార్డు దగ్గర ఇది జరగదు అన్నారు, రికార్డు సబ్మిషన్ రద్దయిందని చదువుకునే ప్రమాదం ఉంది. పరీక్ష వాయిదా పడినా రికార్డుకు అదే రోజు అని రాయండి. పిల్లల అడ్రసులు బీసీసీలో పెట్టండి, లేకపోతే ఒకడు రిప్లై ఆల్ కొట్టి సరే సార్ అంటే అరవై మందికి పోతుంది.

అనంతపురం అమ్మ

చివరి లైను పెట్టినందుకు సంతోషం సార్. రాలేమని జవాబు పంపిన పిల్లలకు ఏం చేస్తారో కూడా రాస్తే బాగుండేది. వేరే రోజు పెడతారా, మార్కులు పోతాయా?

కర్నూలు స్టాటిస్టిక్స్ సార్

అది నా ఒక్కడి నిర్ణయం కాదమ్మా, డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. ఇవ్వలేని మాట మెయిల్‌లో రాయలేను. కారణాలు చూశాక 10 మంగళవారం లోగా జవాబు చెబుతాను అని మాత్రం కలుపుతున్నాను. జరగదు అన్న మాట తీసేశాను.

చెక్‌పోస్ట్ దగ్గర

ఇప్పుడు 10వ తేదీ రెండు రకాలుగా వచ్చింది సార్, ఒకటి చెల్లని తేదీ, ఒకటి జవాబు తేదీ. జవాబు 11 బుధవారం అనండి.

కర్నూలు స్టాటిస్టిక్స్ సార్

మార్చాను. 5:40కి పంపాను. ఆరింటికి మొదటి జవాబు వచ్చింది: సార్, రికార్డులో కై-స్క్వేర్ ప్రాక్టికల్ కూడా రాయాలా? అది నేను ఎక్కడా చెప్పలేదు. అక్కర్లేదని అందరికీ ఒక లైను పంపుతున్నాను.