కడుపుబ్బరానికి చార్‌కోల్ క్యాప్సూల్స్ ఎవరైనా వాడుతున్నారా?

నెల్లూరు_నాగమణి
అన్నం తిన్న గంటకల్లా పొట్ట ఉబ్బిపోతోంది. యాక్టివేటెడ్ చార్‌కోల్ క్యాప్సూల్స్ తెప్పించాను, ఒక్కోటి 250 మిల్లీగ్రాములు. డబ్బా మీద "గ్యాస్, డీటాక్స్" అని రాసుంది. పొద్దున 6 గంటలకు పరగడుపున థైరాయిడ్ మాత్ర, 6:30కి రెండు చార్‌కోల్, రాత్రి తిన్నాక ఇంకో రెండు. ఏ కంపెనీది మంచిదండీ? ఒంట్లో విషాలన్నీ పోవాలంటే ఎన్నాళ్లు వాడాలి?

పచ్చిపులుసు
కంపెనీ సరే, తిండి సంగతి చెప్పలేదు మీరు. శనగలు, రాజ్మా లాంటివి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించండి. పాలు పడకపోవడం కూడా చాలామందికి తెలియదు. పది రోజులు పాలు, పాల టీ మానేసి పెరుగు మాత్రం తిని చూడండి. ఉబ్బరం తగ్గితే బొగ్గుతో పనే లేదు.

మందులషాపు_మాస్టారు
నాగమణి గారూ, కంపెనీ ఏదైనా ఒకటే. చిక్కంతా ఆ 6:30 దగ్గరుంది. చార్‌కోల్‌కి గ్యాస్ ఏదో, మందు ఏదో తెలియదు. కడుపులో తనకు తగిలినదాన్ని ఒంటికి అంటించుకుని విరేచనంలో బయటికి పోతుంది. థైరాక్సిన్, అదే మీ థైరాయిడ్ మాత్ర, వేసుకున్న అరగంటకి అది ఇంకా పేగులోనే ఉంటుంది. ఆ టైములో బొగ్గు వేసుకుంటే మాత్ర డబ్బులు దండగ.

గ్యాస్‌గురు
మాస్టారు అనవసరంగా భయపెడుతున్నారు. పదేళ్లుగా సప్లిమెంట్ల వ్యాపారంలో ఉన్నాను, నాకూ కాస్త తెలుసు. విషం మింగినవాళ్లకి ఆసుపత్రిలో ఇచ్చేది 50 గ్రాములు. ఈమె వేసుకునేది అర గ్రాము. అందులో వందో వంతు! అంత చిన్న మోతాదు మందునేం ఆపుతుంది? పైగా రెండు గంటల గ్యాప్ ఇస్తే ఏ మందుకైనా సరిపోతుంది, డబ్బా మీదే రాసుంటుంది. యూరప్‌లో దీన్ని ప్రభుత్వమే ఒప్పుకుంది.

కాకినాడ_కొబ్బరిచిప్ప
ఇన్ని డబ్బులెందుకండీ. కొబ్బరి చిప్ప కాల్చి, నూరి, వస్త్రగాళితం పట్టి చెంచాడు మజ్జిగలో కలుపుకుంటే అదే చార్‌కోల్. మన పెద్దవాళ్లు బొగ్గుపొడితో, కచ్చికతో పళ్లు తోముకోలేదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
కొబ్బరిచిప్ప గారూ, తోముకుని ఉమ్మేయడం వేరు, మింగడం వేరు. ఫ్యాక్టరీలో కొబ్బరి చిప్ప బొగ్గునే వాడతారు, నిజమే. కానీ దాన్ని ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిస్తారు. అప్పుడే లోపల కంటికి కనపడని కోట్ల రంధ్రాలు పడతాయి, పట్టుకునే శక్తి వాటిదే. పొయ్యిలో కాల్చినదానికి ఆ రంధ్రాలు ఉండవు. సగం కాలిన తారు మాత్రం ఉంటుంది.

కాకినాడ_కొబ్బరిచిప్ప
మరి మా ఊళ్లో నీళ్ల ఫిల్టర్‌లో వేసేది? అదీ బొగ్గేగా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అదీ ఆవిరి పట్టించిందే. దాన్ని కూడా తినమని ఎవరూ చెప్పట్లేదు.

మందులషాపు_మాస్టారు
ఫిల్టర్ల గొడవ ఇంకోచోట పెట్టుకోండి. గురువుగారి లెక్క చూద్దాం. ఆసుపత్రిలో 50 గ్రాములు ఎందుకు? మింగింది గ్రాముల్లో ఉంటుంది కాబట్టి. మింగిన మందుకు పది రెట్లు బొగ్గు ఉండాలన్నది అక్కడి లెక్క. ఇప్పుడు నాగమణి గారి మాత్ర 75 మైక్రోగ్రాములు అనుకుందాం, అంటే 0.075 మిల్లీగ్రాములు. ఎదురుగా బొగ్గు 500 మిల్లీగ్రాములు. పది రెట్లు కాదు, ఆరు వేల రెట్ల పైన! మోతాదు ఎంత చిన్నదైతే ఆ మందుకి దెబ్బ అంత పెద్దది. థైరాక్సిన్, గుండెకి ఇచ్చే డిజాక్సిన్, గర్భనిరోధక మాత్రలు ఈ కోవలోవే. అదే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ అయితే బొగ్గూ మందూ సరిసమానం, కొంత పోయినా కొంత దక్కుతుంది.

ఇంకోటి. తిన్న తర్వాతైతే బొగ్గు రంధ్రాల్లో కొన్ని అన్నం, నూనె వల్ల నిండిపోతాయి. పరగడుపున అడ్డే లేదు. ఈమె రెండూ పరగడుపునే వేసుకుంటున్నారు.

నెల్లూరు_నాగమణి
అవునండీ, 75 మాత్రే. అయ్యో, ఇంకో సంగతి చెప్పలేదు. రెండు నెలల క్రితం థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 2.8 ఉండేది, మొన్న 9.1 వచ్చింది. డాక్టరుగారు మాత్ర 100కి పెంచారు. చార్‌కోల్ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అది మందు కాదు కదా అని. 100 నిన్నటి నుంచే మొదలుపెట్టాను.

ఎడిసన్_బుజ్జి
ఇక్కడ అమెరికాలో కొన్నాళ్లు నల్ల ఐస్‌క్రీమ్, నల్ల నిమ్మరసం తెగ నడిచాయి. 2018లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ తిండిలో యాక్టివేటెడ్ చార్‌కోల్ కలపొద్దని హోటళ్లను ఆపింది. పార్టీ తర్వాత హ్యాంగోవర్‌కి మాత్రం సూపర్ అంటారు మా వాళ్లు. మందు మీద మందు!

నైట్‌డ్యూటీ_సిస్టర్
బుజ్జీ, ఆల్కహాల్‌ని చార్‌కోల్ దాదాపు పట్టుకోదు. ఐరన్, లిథియం, యాసిడ్, కిరోసిన్‌లకూ పనికిరాదు. క్యాజువాలిటీలో ఎవరు ఏం మింగారో తెలిశాకే ఇస్తాం, అదీ సాధారణంగా గంటలోపు వస్తేనే. మగతగా ఉన్నవాళ్లకి పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఎవరైనా ఏదైనా మింగితే ఈ క్యాప్సూల్స్ నీళ్లలో కలిపి పట్టించకండి. 50 గ్రాములంటే 200 క్యాప్సూల్స్, విప్పేలోపు పుణ్యకాలం గడిచిపోతుంది. 108కి ఫోన్ చేసి, మింగిన దాని డబ్బా వెంట తీసుకురండి.

మందులషాపు_మాస్టారు
నాగమణి గారూ, మీ 9.1 గురించి. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మీ థైరాయిడ్ ముదిరిందని ఆ అంకె ఒక్కదాన్ని చూసి చెప్పలేం. వేసుకున్న 75లో ఒంట్లోకి వెళ్లింది తక్కువేమో. అసలు ఇబ్బంది ఇప్పుడు మొదలవుతుంది. 100 మాత్ర వేసుకుంటూ, మేమంతా చెప్పామని రేపే చార్‌కోల్ ఆపేశారనుకోండి. బొగ్గు అడ్డు తొలగి 100 మొత్తం ఒంటికి పడుతుంది. మీకు 75 చాలినదైతే కొన్ని వారాల్లో గుండెదడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, టీఎస్‌హెచ్ 0.4 కంటే కిందికి పోవడం. వయసు మళ్లినవాళ్లకి గుండె లయే తప్పొచ్చు.

అందుకని ఇవాళే డాక్టరుగారికి ఫోన్ చేసి చార్‌కోల్ ఎన్నాళ్లుగా, ఏ టైముకి వేసుకుంటున్నారో చెప్పండి. 75కి తగ్గించాలా, ఉంచాలా అన్నది ఆయన నిర్ణయం, మీరు సొంతంగా మార్చొద్దు. చార్‌కోల్ ఆపాక 6 నుంచి 8 వారాలకి మళ్లీ టెస్ట్. అంతకు ముందు చేయిస్తే అంకె కుదురుకోదు, ఊరికే డబ్బులు పోతాయి.

గ్యాస్‌గురు
నేను చెప్పిందీ అదేగా, గ్యాప్ ఇవ్వమని! ఆమె అరగంటే ఇచ్చింది. రెండు గంటలు ఇస్తే ఈ గోలే ఉండేది కాదు.

మందులషాపు_మాస్టారు
థైరాక్సిన్‌కి కాల్షియం, ఐరన్ మాత్రలకే 4 గంటల ఎడం పాటిస్తాం. బొగ్గుకి రెండు గంటలు ఏ లెక్కన సరిపోతాయి? ఇక "ఏ మందుకైనా" అన్న మాట అసలు తప్పు. బీపీకి, షుగర్‌కి, ఫిట్స్‌కి పొడవుగా పనిచేసే మాత్రలు ఉంటాయి చూడండి, 12 గంటలు, 24 గంటలు పేగులో మెల్లగా కరుగుతూనే ఉంటాయి. మీ రెండు గంటలకి అవి ఇంకా సగం దారిలో ఉంటాయి. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ లాంటివి రక్తంలోకి వెళ్లాక కూడా పేగులోకి కొంత తిరిగి వస్తుంటాయి. అక్కడ పదే పదే బొగ్గు ఉంటే పట్టేసుకుంటుంది. కీళ్లవాతానికి ఇచ్చే లెఫ్లునమైడ్‌ని ఒంట్లోంచి త్వరగా తీసేయాలంటే డాక్టర్లు 50 గ్రాముల చొప్పున చార్‌కోల్‌ని 11 రోజులు ఇచ్చే పద్ధతే ఉంది.

గ్యాస్‌గురు
దొరికారు మాస్టారూ! రక్తంలోంచి లాగుతుందని మీ నోటితోనే అన్నారు. డీటాక్స్ అంటే అది కాకపోతే ఇంకేంటి?

మందులషాపు_మాస్టారు
లాగుతుంది, వేళ్ల మీద లెక్కపెట్టే కొన్ని మందుల్ని, అదీ అన్నేసి గ్రాములు మళ్లీ మళ్లీ పోస్తే. మీ డబ్బా మీద "విషాలు" అని ఉంది. ఏ విషం? పేరు చెప్పండి, ఒక్కటి. పేరుంటే రక్తపరీక్షలో ముందూ తర్వాతా కొలవొచ్చు. రోజుకి ఒక గ్రాముతో ఏది ఎంత తగ్గిందో చూపించండి, వింటాను.

గ్యాస్‌గురు
అన్నీ ల్యాబ్‌లో కొలవలేరు. నా కస్టమర్లు ఒళ్లు తేలికైందని చెప్తున్నారు. యూరప్ సంగతి మాత్రం దాటేశారు.

పచ్చిపులుసు
యూరప్ సంగతి నేను చెప్తా, అందులో గురువుగారిదీ కొంత నిజమే. భోజనానికి కనీసం అరగంట ముందు ఒక గ్రాము, తిన్న వెంటనే ఒక గ్రాము వేసుకుంటే తిన్నాక వచ్చే అతి గ్యాస్ తగ్గడానికి తోడ్పడుతుందని డబ్బా మీద రాసుకోవచ్చు అక్కడ. అంతే, డీటాక్స్ అన్న మాట అందులో లేదు. రెండు గ్రాములంటే ఒక్క పూటకే ఈ క్యాప్సూల్స్ ఎనిమిది. నాగమణి గారు రెండేసి వేసుకుంటున్నారు, అంటే గ్యాస్‌కి చాలదు, థైరాయిడ్ మాత్రను చెడగొట్టడానికి మాత్రం ఎక్కువ. అమెరికాలో 1999లో పెద్దపేగు గ్యాస్ మీద పరీక్షిస్తే తగ్గనే లేదు. గ్యాస్ పుట్టే చోటికి చేరేసరికి బొగ్గు నిండిపోతుంది.

గోదారి_గట్టు
చార్‌కోల్ వేసుకుంటే విరేచనం నల్లగా వస్తోంది. లోపలి మలినం బయటికి వస్తున్నట్టేగా? ఐరన్ మాత్ర కూడా వేసుకుంటున్నాను, దాన్నీ బొగ్గు పట్టేస్తుందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మలినం కాదు, మీరు మింగిన బొగ్గే. ఐరన్‌ని బొగ్గు పెద్దగా పట్టుకోదు, కానీ ఐరన్‌తోనూ విరేచనం నల్లబడుతుంది. రెండూ వాడేవాళ్లలో లోపల పుండు నుంచి రక్తం కారినా గుర్తుపట్టలేం, ప్రమాదం అక్కడే. బొగ్గు నలుపు పొడిగా, మామూలు వాసనతో ఉంటుంది. రక్తం నలుపు తారులా జిగటగా, భరించలేని కంపుతో ఉంటుంది. దానికి తోడు కళ్లు తిరిగినా, నొప్పుల మాత్రలు వాడుతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అన్నట్టు చార్‌కోల్ మలబద్ధకం తెస్తుంది, మలబద్ధకం ఉబ్బరం తెస్తుంది. ఈ గొలుసు ఎవరూ చెప్పరు.

కాకినాడ_కొబ్బరిచిప్ప
మజ్జిగలో అయితే మలబద్ధకం రాదేమో కదా?

నెల్లూరు_నాగమణి
క్లినిక్‌కి ఫోన్ చేశాను. చార్‌కోల్ ఆపేసి, 75 మాత్రే వేసుకుంటూ సోమవారం రమ్మన్నారు. డబ్బా వెనక ఇంకేవో పేర్లున్నాయి, సిమెథికోన్, సోంపు సారం అని. అవి కూడా మాత్రను ఆపుతాయా?

మందులషాపు_మాస్టారు
సిమెథికోన్ ఒంట్లోకి పోదు గానీ, థైరాక్సిన్‌ని తగ్గించే వాటి జాబితాలో దాని పేరూ ఉంటుంది. దానికీ 4 గంటల ఎడం. సోంపు సారం గురించి డాక్టరుగారినే అడగండి. డబ్బా పట్టుకెళ్లండి, నోటితో చెప్తే సగం పేర్లు మర్చిపోతారు.

ఎడిసన్_బుజ్జి
ఇంతకీ నల్ల ఐస్‌క్రీమ్ తిన్న రోజు బీపీ మాత్ర మళ్లీ వేసుకోవాలా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
వద్దు! ఎంత పోయిందో తెలియకుండా రెండోసారి వేసుకుంటే బీపీ పడిపోతుంది. బీపీ చూసుకోండి, తర్వాతి మాత్ర దాని టైముకే.