వెనుక వైపు వ్యూలో కూడా జాకెట్ జిప్ వచ్చేస్తోంది, ఎలా ఆపాలి?

క్యారెక్టర్ షీట్ కోసం ఒకే డ్రెస్‌ని ముందు, పక్క, వెనుక నుంచి ఏఐతో బొమ్మలుగా జనరేట్ చేస్తున్నాను. ఎస్‌డీఎక్స్‌ఎల్ మోడల్, 1536x640 కాన్వాస్, మూడు ఓపెన్‌పోజ్ బొమ్మలు పక్కపక్కనే. ముందు వ్యూనే ఐపీ-అడాప్టర్‌కి రిఫరెన్స్‌గా ఇచ్చాను.

ముందు, పక్క వ్యూలు బాగానే వస్తున్నాయి. వెనుక బొమ్మకే తంటా: తల అటు తిరిగినా వీపు మీద జిప్, కాలర్ కనిపిస్తున్నాయి. ఎడమ భుజం పట్టీ కుడి భుజానికి మారిపోతోంది.

వెనుక పోజ్‌లో కళ్లు, ముక్కు పాయింట్లు తీసేశాను, కుడి ఎడమ చేతుల రంగులూ సరిచూశాను. ప్రాంప్ట్‌లో "back view", నెగటివ్‌లో "zipper" పెడితే ముందు జిప్ కూడా పోయింది. అడాప్టర్ వెయిట్ 0.8 నుంచి 0.4కి తగ్గిస్తే వీపు మీద జిప్ పోతోంది గానీ, జాకెట్ రంగు, కుట్లు మొత్తం వేరే డ్రెస్‌లా అయిపోతున్నాయి.

వెనుక బొమ్మకి రంగు, బట్ట మాత్రమే అందేలా, జిప్ రాకుండా రిఫరెన్స్‌ని ఎలా ఇవ్వాలి?