ఎఫ్‌డీ వడ్డీతో బతికేవాడికి నిజంగా మిగిలేది ఎంత?

కూకట్‌పల్లి పింఛనుదారు: వయసు 68. పింఛను నెలకు 40,000. రిటైరైనప్పుడు వచ్చిన 40 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేశాను. నెలకు 23,333 వడ్డీ వస్తుంది, అంతా ఇంటి ఖర్చుకే పోతుంది. మా అబ్బాయి మాత్రం "పన్ను 30 శాతం, ధరల పెరుగుదల 5 శాతం. ఏటా నష్టపోతున్నావు నాన్నా" అంటున్నాడు. నిజమేనా?

దిల్‌సుఖ్‌నగర్ వాసి: మీ అబ్బాయిది పాత లెక్క. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతమే. అంటే మీకు దాదాపు 7 శాతం నికరంగా మిగులుతోంది. హాయిగా ఉండండి.

తార్నాక ఆడిటర్: ఆ నెలలో కూరగాయల ధరలు అంతకుముందు ఏడాదికన్నా బాగా తగ్గాయి, అందుకే ఆ అంకె. ఐదేళ్ల డిపాజిట్‌ను ఒక్క నెల అంకెతో తూచకూడదు. 2022-23లో సగటు 6.7 శాతం. అంతకుముందు 5.5 శాతానికి డబ్బు కట్టేసుకున్నవాళ్లకు ఆ ఏడాది పన్ను లేకపోయినా నష్టమే. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం. మందులూ పనిమనిషి జీతమూ ఎక్కువగా ఉండే ఇంటికి 5 అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఇక పన్ను. 30 శాతం అన్న మాట ఈయనకు వర్తించదు. పింఛను 4.8 లక్షలు, వడ్డీ 2.8 లక్షలు, కలిపి 7.6 లక్షలు. 2025-26 కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 6.85 లక్షలు. 12 లక్షల లోపు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. అబ్బాయి చూసింది బహుశా వడ్డీ ఇచ్చేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, టీడీఎస్ అయి ఉంటుంది. ఒకే బ్యాంకులో వృద్ధుల వడ్డీ ఏడాదికి లక్ష దాటితే పది శాతం పట్టుకుంటారు, మీకైతే 28,000. నాకు పన్ను పడదని చెప్పే 15హెచ్ ఫారం ఇస్తే పట్టుకోరు. ఇవ్వకపోయినా రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది.

కాబట్టి ధరల పెరుగుదల పోగా మీ నిజ రాబడి 1.07ను 1.05తో భాగిస్తే వచ్చేది, 1.9 శాతం. నష్టం లేదు.

సైనిక్‌పురి: పన్ను సున్నా అని అందరూ సంబరపడకండి. నా పింఛనే డిడక్షన్ పోగా 11.5 లక్షలు. ఎఫ్‌డీ వడ్డీ లక్ష కలిసేసరికి 12.5 అయింది. 12 లక్షలు దాటిన మొత్తాన్ని పన్ను మించకుండా మార్జినల్ రిలీఫ్ అని ఇచ్చారు, అయినా పన్ను 50,000, సెస్సు 2,000. లక్ష వడ్డీలో నాకు మిగిలింది 48,000! అంటే 7 శాతం కాస్తా 3.36 అయింది. భార్య పేరుకు మార్చేద్దామనుకుంటున్నాను.

తార్నాక ఆడిటర్: మీరిచ్చిన డబ్బే అయితే ఆ వడ్డీ మళ్లీ మీ ఆదాయంలోనే కలుస్తుంది, మార్చినా ఫలితం ఉండదు. కానీ మీరు చెప్పింది పట్టించుకోవలసిన మాటే. సగటు పన్ను కాదు, ఎఫ్‌డీ వడ్డీ మీ ఆదాయంలో ఏ మెట్టు మీద వచ్చి పడుతోందో చూడాలి.

నల్లకుంట లెక్కల మాస్టారు: అసలు తంటా పన్నులోనూ లేదు, 1.9లోనూ లేదు. ఈయన వడ్డీ మొత్తం ఖర్చు పెడుతున్నారు. 40 లక్షల విలువ తరగకుండా ఉండాలంటే ఏటా 5 శాతం, అంటే 2 లక్షలు, అసలులో కలపాలి. ఖర్చుకు మిగిలేది 80,000. నెలకు 6,667 మాత్రమే. మిగతా 16,667 వడ్డీ పేరుతో వస్తున్నా, ఈయన తింటున్నది అసలునే. పదేళ్ల తర్వాత పాసుపుస్తకంలో 40 లక్షలే ఉంటుంది, దానితో ఈనాటి 24.6 లక్షల సరుకే వస్తుంది. 23,333 వడ్డీ ఈనాటి 14,300తో సమానం.

దిల్‌సుఖ్‌నగర్ వాసి: అయితే ఏం? అసలును కొడుక్కి అప్పగించాలని రాసిపెట్టి ఉందా? తినడానికే కదా దాచుకున్నది.

నల్లకుంట లెక్కల మాస్టారు: తినవచ్చు. ఎన్నాళ్లు వస్తుందో తెలిసి తినాలి. ధరలతో పాటు ఖర్చును ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే, 7 శాతం వడ్డీ చివరిదాకా దొరికితే, ఈ 40 లక్షలు సుమారు 17 ఏళ్లు వస్తాయి. అప్పటికి ఆయనకు 85. రెన్యువల్ నాటికి రేటు 6కు పడితే అంతకాలం రాదు.

తార్నాక ఆడిటర్: నేనైతే అంత కఠినంగా చూడను. ఆయన పింఛనుకు కరవు భత్యం ఉంటే అది ధరలతో పాటు పెరుగుతుంది. గట్టిగా కాపాడవలసింది ఆసుపత్రి ఖర్చుకు పెట్టుకున్న భాగాన్ని.

కూకట్‌పల్లి పింఛనుదారు: భత్యం ఉంది. 15హెచ్ ఇవ్వలేదు, రేపే బ్యాంకుకు వెళ్తాను. మాస్టారి 17 ఏళ్లు మాత్రం నన్ను ఆలోచనలో పడేశాయి. మా ఆవిడకు 60 ఏళ్లే. 17 ఏళ్ల తర్వాత ఆమెకు 77, నా తర్వాత వచ్చే కుటుంబ పింఛను ఇంతకంటే తక్కువ. ఆ లెక్క నా వయసుతో వేయాలా, ఆమె వయసుతోనా?